ఆయన పోయినంక

ఎల్లారెడ్డి మున్సిఫ్ కోర్టులో నా కొలువు చెప్పుకోవడానికి చిన్నది, చేయడానికి మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది. సాక్షి తెలుగులో చెబుతాడు. మున్సిఫ్ సాబుకు తెలుగు రాదు. కోర్టు కాగితమంతా ఉర్దూలో నడుస్తుంది. మధ్యలో నేను. ఈ నోట విన్నది ఆ నోట చెప్పాలి. తగ్గించకూడదు, పెంచకూడదు, రుచి కోసం నా ఇంటి ఉప్పుకారం చల్లకూడదు. ఇదీ నాకు మొదటి రోజే చెప్పిన కట్టుబాటు. చెప్పిన పెద్దమనిషి ఎన్నడూ సాక్షికీ మున్సిఫ్‌కూ మధ్య నిలబడినవాడు కాదు గనక అంత తేలిగ్గా చెప్పగలిగాడు.

చేరిన కొత్తలోనే ఒక మేక దావా వచ్చింది. ఒకరి మేక ఇంకొకరి చేలో పడింది, ఆ తరువాత కనబడలేదు. కోసుకొని తిన్నాడని మేక యజమాని ఏడుపు. చేను గల రైతును అడిగితే అతను చేతులు జోడించి, "మేకను తాడుతోని గుంజకు కట్టేసిన దొరా. మెడకు సుట్టుకోని గింజుకోవట్టింది. పాపమని దాన్ని కోసిన" అన్నాడు. నేను విన్నది విన్నట్టే ఉర్దూలో "ఉస్‌కో కాటా" అన్నాను. మున్సిఫ్ సాబు కలం గాలిలో ఆగిపోయింది. తాడునా, మేకనా? ఇద్దరు వకీళ్లూ ఒక్కసారే లేచి చెరొకటి చెప్పారు. మళ్లీ అడిగితే రైతు బిత్తరపోయి, "తాడు దొరా! మేకనెందుకు కోస్త? మా ఇంట్ల మాంసమే ముట్టం" అన్నాడు. తాడు తెగిన మేక ఎటో ఉరికిందట. కోర్టంతా నవ్వింది, నేను మాత్రం నవ్వలేదు. నన్ను అప్పుడే ఒక పురుగు తొలచడం మొదలుపెట్టింది.

మనం ఒక పేరు చెప్పి, ఇంకో పేరు చెప్పి, ఆ తరువాత హాయిగా 'అది' అనేస్తాం. వినేవాడు ఆ రెంటిలో ఒకదాన్ని ఏరుకుంటాడు. ఎట్లా ఏరుకుంటాడు? నేను ఎల్లారెడ్డిలో అద్దెకున్న ఇంటి అవ్వ పొద్దుగూకే వేళ గడపలో నిలబడి "అది ఇంక రాలే" అని గొణిగేది. బర్రె కావచ్చు, కోడలు కావచ్చు, నీళ్ల కోసం పంపిన మనుమరాలు కావచ్చు. ముగ్గురికీ తెలుగులో అదే మాట. అయినా ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ తికమక పడలేదు. ఒక్క నేనే, తడకకు ఇవతల కూర్చొని, ఏది రాలేదో అని చెవులు రిక్కించేవాణ్ని. ఉర్దూలో ఇది ఇంకా గడ్డు. తెలుగులో ఆయన, ఆమె, అది అని కొంతైనా విడదీసి చెప్పుకుంటాం. ఉర్దూలో మగవాడైనా ఆడదైనా మేకైనా తాడైనా 'ఉస్‌కో' అనే ఒక్క సంచిలో పడిపోవాల్సిందే.

ఇదంతా నాకు వేడుకగానే ఉండేది, తాడ్వాయి దిక్కు నుంచి ఆ దావా వచ్చేదాకా.

దావా వేసింది ఒక రైతు ఇంటి కోడలు. భర్త పోయాడు. దావా వేసింది తన బావ మీద, అంటే భర్త అన్న మీద. అన్నదమ్ములు ఇద్దరే. ముందు వాళ్ల తండ్రి పోయాడు, కొంతకాలానికి తమ్ముడూ పోయాడు. ఈమెకు మిగిలింది ఒక చిన్న ఆడపిల్ల, మోటబావి కింద ఒక మడి. ఆ మడిలోకి ఈ ఏడు బావ నాగలి దిగింది. 'అది నాదే' అని బావ, 'కాదు, నాదే' అని ఈమె.

అప్పటి మా శాస్త్రం ఆడవాళ్ల విషయంలో కఠినంగా ఉండేది. అన్నదమ్ములు కలిసి ఉండగా ఒకడు కొడుకు లేకుండా పోతే, వాడి వంతు బతికున్నవాడికి చేరుతుంది. భార్యకు తిండీ బట్టా మాత్రమే. అదే వేరుపడిన తరువాత పోతే, వాడి వంతు ఆమె బతికినన్నాళ్లు ఆమెది, ఆ తరువాత బిడ్డది. కాబట్టి తేలాల్సింది ఒకే ఒక్క మాట. తమ్ముడు బతికుండగా వేరుపడ్డారా, పోయాక వేరుపడ్డారా? కాగితం ఏమీ లేదు. పట్వారి దగ్గర పట్టా ఇంకా వాళ్ల తండ్రి పేరు మీదే ఉంది. మా రైతుల్లో వేరుపడడమంటే పొయ్యిలు వేరు కావడమే. ఒక పొయ్యి రెండయిన రోజును ఎవరు రాసిపెట్టుకుంటారు? ఊళ్లో సాక్షులు సగం మంది బావ అరకల మీద బతికేవాళ్లు, మిగతా సగం మందికి గుర్తు లేదు. ఇక ఆమె నోటి మాటే దిక్కు.

ఆమె సాక్ష్యం చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. బావ ఎదురుగానే కూర్చున్నాడు గనక ఆమె పక్కకు తిరిగి, కొంగు కళ్ల మీదికి లాక్కొని నిలబడింది. బావ ముందు తమ్ముని భార్య నోరెత్తడమే మా దిక్కు తప్పు. అతనితో నేరుగా మాట్లాడే సంగతే లేదు. అట్లాంటి మనిషి అతని మీద దావా వేసి, అతని ఎదుట మాట్లాడుతోంది. గొంతు సన్నగా ఉన్నా వణకలేదు. నేను పక్కన నిలబడి ఒక్కో మాటా అందుకున్నాను.

"మామకు కాలుసెయ్యి పడిపోయినయి దొరా. పిల్ల బాపే సేవ జేసిండు. ఎత్తి కూసుండవెట్టుడు, బువ్వ తినవెట్టుడు, అంత ఆయనే. ఆయన పోయినంక పొయ్యిలు వేరైనయి. బావి కింది మడి మాకచ్చింది."

పిల్ల బాపు అంటే ఆమె భర్త. అంతవరకు తేటగా ఉంది. 'అంత ఆయనే' అన్నప్పుడు ఆ ఆయనా భర్తే. కానీ 'ఆయన పోయినంక' అన్నప్పుడు? మంచం పట్టిన మామా, సేవ చేసిన మొగుడా? మామ అయితే మడి ఆమెది. మొగుడైతే ఆమె తన నోటితోనే మడిని బావకు రాసిచ్చినట్టు. 'మాకచ్చింది' అన్న మాట కూడా సాయానికి రాదు. మాకు అంటే మొగుడూ తానూ కావచ్చు, బిడ్డా తానూ కావచ్చు.

నేను ఆ మాటనే ఉర్దూలో "ఉన్‌కే గుజర్నే కే బాద్" అన్నాను. తెలుగులో ఎంత పొగమంచు ఉందో ఉర్దూలోనూ అంతే పొగమంచు. నా కట్టుబాటు ప్రకారం నేను చేసింది సరైన పనే. ప్రశ్న వేసే హక్కు వకీళ్లది, మున్సిఫ్‌ది. నాది కాదు. ఆమె తరఫు వకీలు అప్పుడు తన కాగితాల్లో ఏదో వెతుక్కుంటున్నాడు. బావ తరఫు వకీలు మాత్రం తల ఎత్తి, మళ్లీ దించి, మెల్లగా మీసం కింద నవ్వుకున్నాడు. తన వంతు రాగానే ఎడ్ల గురించీ మోట గురించీ నాలుగు పనికిరాని ప్రశ్నలు వేసి ఆమెను పంపేశాడు. చేప గాలానికి తగిలాక తాడు కుదపకూడదని తెలిసినవాడు.

మధ్యాహ్నం కోర్టు ఆవరణలో ఇంకో వింత చూశాను. ఆ బావ, తల నెరిసిన మనిషి, పెద్ద రుమాలు చుట్టుకున్నవాడు, ఎడ్ల బండి దగ్గర నిలబడిన మీసాల పడుచువాణ్ని పిలిచి, "బాపూ, ఎడ్లకు నీళ్లు తాపినవా?" అని అడిగాడు. ఇరవై ఏళ్ల పిల్లవాణ్ని పట్టుకొని బాపు అనడమేమిటి? ఆ మాటకు తండ్రి అనే కదా అర్థం. నా తొలిచే పురుగు ఊరుకోలేదు. దగ్గరికి పోయి అడిగేశాను.

అతను బిగుసుకొని ఉండే మనిషే గాని, ఆ ప్రశ్నకు కొంచెం వదులయ్యాడు. "నా కొడుకే వాడు. మా బాపు పేరు వెట్టుకున్న. పేరు వెట్టినంక పేరు వెట్టి ఎట్ల పిలుస్త? తిట్టబుద్ధైనా తిట్టరాదు నాకు. గాచారం!" అన్నాడు.

ఆ కొడుకు ఎడ్లను కట్టేసి తిన్నగా ఆవరణలో అటు చివరకు పోయాడు. అక్కడ వేపచెట్టు కింద వాడి చిన్నమ్మ, దావా వేసిన ఆ మనిషి, బిడ్డతో కూర్చొని ఉంది. "పెద్దోడా, కూసో" అని జొన్నరొట్టె విరిచి ఇచ్చింది. వాడు కూర్చొని తిన్నాడు. తండ్రి చూస్తున్నాడని కూడా వెరవలేదు. తండ్రి ముఖం తిప్పుకొని ఎడ్ల మెడలు నిమిరాడు. తరువాత నాకు తెలిసింది, తల్లి ఏళ్ల తరబడి మంచాన పడితే ఆ పిల్లవాణ్ని పెంచింది ఈ చిన్నమ్మేనని. ఆమె కూడా వాణ్ని పేరు పెట్టి పిలవదు, పిలవలేదు. అది మామ పేరు మరి. ఆడవాళ్లు మొగుని పేరూ, అత్తమామల పేర్లూ, బావ పేరూ నోట రానివ్వరు. ఆ పేరున్న పప్పుకో ఊరికో కూడా వేరే మాట వెతుక్కుంటారు. ఒకే పిల్లవాడు, తండ్రికి బాపు, చిన్నమ్మకు పెద్దోడు. వాడి అసలు పేరు బహుశా వాడు తప్ప ఆ ఇంట్లో ఎవరూ పలికి ఉండరు.

మర్నాడు బావ వకీలు గాలం పైకి లాగాడు. "దావా వేసిన మనిషే ఒప్పుకుంది హుజూర్. ఆయన పోయాకే వేరుపడ్డామంది. తెలుగు ఆడది పేరు చెప్పకుండా ఆయన అందంటే మొగుడే. ఊళ్లో పశువుల కాపరిని అడిగినా చెబుతాడు" అన్నాడు. అప్పుడుగాని ఆమె వకీలుకు మెలకువ రాలేదు. లేచి, మామ గురించే అన్నదని, ఆమెను మళ్లీ పిలిచి అడగాలని మొరపెట్టుకున్నాడు. మున్సిఫ్ సాబు ఇద్దరినీ కూర్చోమని నా వైపు తిరిగాడు. "నీ భాష కదా. నువ్వు చెప్పు. భార్య ఉత్తగా 'ఆయన' అంటే ఎవరు?"

నేను ఆలోచించే చెప్పాను. "ఎక్కువగా భర్తే హుజూర్. అయితే అప్పుడే ఇంకొకరి ప్రస్తావన వచ్చి ఉంటే, ఆ మనిషి కూడా కావచ్చు." రెండూ నిజాలే. బావ వకీలు మొదటిదాన్ని పట్టుకొని, రెండోదాన్ని గాలికి వదిలేశాడు. నాకు ఒళ్లు మండింది. సగం నిజం అబద్ధం కన్నా చెడ్డది, దాని మీద కేకలు వేయడానికి కూడా వీలుండదు. మున్సిఫ్ సాబు నెమ్మదైన మనిషి. ఆమెను తిరిగి పిలవడానికి ఒప్పుకొని, వచ్చే వారానికి పేషీ వేశాడు.

ఆ గురువారం సాయంత్రం మోటారు బస్సెక్కి కామారెడ్డి ఇంటికి వచ్చాను. మా కోర్టులకు శుక్రవారం సెలవు. ఆ సెలవు నాడు నేను మా ఇంట్లోనే నిఘా పెట్టాను. నా భార్య ఎన్నిసార్లు ఆయన అంటుందో, ఎవరిని అంటుందో వినాలని. పొద్దున్నే గోడ మీదుగా పక్కింటావిడతో ఆమె అంటోంది: "ఏం జెప్పాలె వదినా, ఆయన ఇంట్లకు అడుగువెడితే ఇల్లంత ఆగమాగం. ఒక్క సామాను జాగల ఉండది. తుడువలేక నా నడుం వడిపోతుంది."

నాకు చురుక్కుమంది. వారానికి ఒకసారి వచ్చేవాణ్ని, వచ్చి ఒక మూల కూర్చునేవాణ్ని. లోపలికి రాగానే నిలదీశాను. ఆమె నా ముఖం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "సున్నమేసేటాయన గురించి అన్న! మొన్న అచ్చి సగం ఇల్లేసి పోయిండు కద. మీరేమన్న సున్నమేస్తరా?" అంది. గోడకేసి చూస్తే నిజంగానే సగం తెల్లగా ఉంది. రాత్రి వచ్చినవాణ్ని, అది కూడా చూసుకోలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

మా అమ్మ వాకిట్లో కూర్చొని బియ్యంలో రాళ్లేరుతూ ఇదంతా వింది. నేను దావా సంగతి, పేర్లేమీ చెప్పకుండా, ఆమె ముందు పెట్టి, "నువ్వు చెప్పు అవ్వా, ఆ మనిషి ఎవర్ని అన్నట్టు?" అని అడిగాను.

"నేను ఇన్ననా?"

"నేను విన్న కద. అన్నదన్నట్టే నీకు చెప్పిన."

"నువ్వు చెప్పినవ్. ఆమె చెప్పలే. మొగని ముచ్చట వచ్చినకాడ ఆడదాని గొంతు ఒక రవ్వంత దిగుతది. మామ ముచ్చటకు ఇంకో తీరు. నీ కాగితంల గొంతున్నదా?" అంది. మళ్లీ ఒక రాయి ఏరి పక్కన పడేసి, "అయినా ఎవ్వరి ముచ్చటనో ఎరికైనోళ్లకు ఎరికే. ఎరికలేనోళ్లు నడుమ ఎందుకు కూసున్నరు?" అంది.

నా ఉద్యోగాన్ని ఇంత చక్కగా ఎవరూ తీసిపారేయలేదు. కానీ ఆ మాట నన్ను వారమంతా వదల్లేదు. నిజమే, పొయ్యి ముందు కూర్చొని మాట్లాడుకునేవాళ్లకు పేర్లు అక్కర్లేదు. చచ్చిపోయిన మనిషి వాళ్ల మధ్య ఇంకా మంచం వేసుకొని ఉంటాడు. ఆ మంచం కనబడని చోటికి, అంటే కోర్టుకు, మాట చేరినప్పుడే అది కుంటిదవుతుంది. ఆమె గొంతును గుర్తు చేసుకోవడానికి ఎంతో ప్రయత్నించాను. దిగిందా, దిగలేదా? ఏమీ గుర్తు రాలేదు. నేను మాటలు ఏరుకోవడంలో పడి గొంతు వినలేదు. ఆమె నిజమే చెబుతోందో లేదో నాకేమీ తెలియదు. అయినా ఆమె గెలవాలని కోరుకున్నాను. బిడ్డను పట్టుకొని, తాను దావా వేసిన ఇంట్లోనే తిండికి చేయి చాచే రోజు ఆమెకు రాకూడదని కోరుకున్నాను. తర్జుమాదారు కోరికలు పెట్టుకోకూడదు. పెట్టుకున్నాను.

పేషీ రోజు వచ్చింది. ఆమెను మళ్లీ నిలబెట్టారు. బావ అక్కడే, రుమాలు సవరించుకుంటూ, నేల చూస్తూ కూర్చున్నాడు. అతను సాక్ష్యం చెప్పే వంతు ఇంకా రాలేదు. అంతవరకూ అతని తరఫున మాట్లాడిందంతా వకీలే. మున్సిఫ్ సాబు నాతో అడిగించాడు.

"ఆయన పోయినంక అన్నవు. ఆయన అంటే ఎవరు?"

"మామ దొరా" అంది.

ఈసారి నేను గొంతు విన్నాను. కానీ ఎక్కిందో దిగిందో పోల్చి చూసుకోవడానికి నా దగ్గర మొదటిది లేదు గదా!

బావ వకీలు అప్పటికే లేచి నిలబడ్డాడు. "వారం రోజులు చిలక్కి నేర్పినట్టు నేర్పారు హుజూర్. ఇప్పుడు మామ అనక ఏమంటుంది? నిజమే చెప్పేదయితే ఆ మనిషి పేరు చెప్పమనండి. పేరుకు రెండు అర్థాలుండవు. ప్రమాణం మీద నిలబడిన మనిషి పేరు చెప్పడానికి భయమెందుకు?" అన్నాడు.

వకీలుకు మా ఆచారం తెలియక కాదు. తెలిసే అన్నాడు. మున్సిఫ్ సాబుకు పట్నపు ఇండ్లల్లో భార్య భర్త పేరు పలకదని తెలుసు గాని, పల్లెలో మామ పేరుకూ ఇంత పట్టుదల ఉంటుందని తెలియదు. "అడుగు" అన్నాడు నాతో.

నేను అడిగాను. మళ్లీ అడిగాను. ఆమె పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆమె వకీలు "చెప్పమ్మా, ఒక్క మాట, మడి పోతది" అని మెల్లగా అన్నాడు. ఆమె వేళ్లు సాక్షి నిలబడే కఠెరా కొయ్యను గట్టిగా పట్టుకున్నాయి. ఒక పక్క మడి, బిడ్డ బతుకు. ఇంకో పక్క ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి నాలుక దాటనివ్వని ఒక పేరు. బయటివాళ్లకు ఇది వెర్రిగా ఉంటుంది. నాకు అప్పుడు ఏ మాత్రం వెర్రిగా అనిపించలేదు. ఆ పేరు చెబితే, ఆ బావ ముందు, ఆమె ఇక ఆ ఇంటి కోడలు కాదు. ఆ పేరు చెప్పకపోతే ఆ ఇంటి మడి ఆమెది కాదు.

"చెప్పలేకపోయింది అని రాసుకోండి" అన్నాడు బావ వకీలు.

అప్పుడు ఆమె తల ఎత్తింది. కిటికీలోంచి బయటికి చూసింది. "గా ఎడ్లకాడ ఉన్నడు సూడుండ్రి దొరా, మా పెద్దోడు. ఆని పేరే ఆయన పేరు. ఆన్ని పిలిచి అడుగుండ్రి. నాకు రాదు గని ఆనికి అస్తది" అంది.

ఇందులో ఎన్ని ఆన్నిలు, ఎన్ని ఆయనలు! కానీ ఈసారి నాకు పొగమంచు లేదు. నేను ఆ ఉర్దూ 'ఉస్' అనే సంచిని పక్కన పెట్టి, ఒక్కో మనిషినీ వేరుగా నిలబెట్టి చెప్పాను. బయట ఎడ్ల దగ్గర ప్రతివాది కొడుకు ఉన్నాడు, ఆ కొడుకు పేరే తాను చెప్పిన మనిషి పేరు అని సాక్షి అంటోందని. మున్సిఫ్ సాబు కనుబొమలు ముడిచి, "ఇదేమిటి?" అని నన్నే అడిగాడు. తాత పేరు మనుమడికి పెట్టుకోవడం ఇక్కడి రైతుల ఆచారమని, కోడలు ఆ పేరు పలకదని, ఆయన అడిగాడు గనక చెప్పాను. ఆయన దావా కాగితం ముందుకు లాక్కొని, మొదటి వరుసలో ప్రతివాది తండ్రి పేరు మీద వేలు పెట్టి, "పిలవండి" అన్నాడు.

బంట్రోతు బయటికి పోయి కేకేశాడు. మీసాల పడుచువాడు ఎడ్లకు పెట్టి చేతికంటిన చిట్టు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. వాడికి ఏమీ తెలియదు. తండ్రినీ చిన్నమ్మనూ మార్చి మార్చి చూశాడు.

"నీ పేరేంది?" అన్నాను.

వాడు కోర్టు గోడలు మారుమోగేట్టు చెప్పాడు. పొలంలో అటు గట్టు మీది మనిషికి చెప్పినట్టు. ఆ పేరు నేనిక్కడ రాయను. ఆమె అంత కష్టపడి దాచుకున్నదాన్ని నేనెందుకు పలకాలి?

మున్సిఫ్ సాబు వేలు కాగితం మీద నుంచి లేచింది. "అదే" అన్నాడు.

"పేరు కలిస్తే ఏమైంది హుజూర్?" బావ వకీలు అందుకున్నాడు. "ఇదీ నేర్పిన పాఠమే. పోయిన పేషీలో ఆయన అంటే మొగుడనే కాగితం..."

ఆ మాట పూర్తి కాలేదు. బావ లేచి నిలబడ్డాడు. లేచినప్పుడే నేను చూశాను, అతని తల మీద రుమాలు లేదు, చేతిలో ఉంది. ఎప్పుడు తీశాడో. తండ్రి పేరు వినబడగానే తీసి ఉంటాడు. తన కొడుకును పేరు పెట్టి తిట్టలేనివాడు, ఆ పేరు నలుగురిలో వినబడితే తల మీద బట్టతో ఎట్లా కూర్చుంటాడు?

"సాలు వకీలుసాబ్" అన్నాడు. "బాపు పోయినంకనే. తమ్ముడు సొంతంగ పొయ్యి వెట్టుకున్నడు. నేనే ఇటుకలు మోసిన."

వకీలు చేయి పట్టుకొని లాగాడు. అతను కూర్చోలేదు. "నేను అబద్ధమాడలే దొరా, నన్నెవ్వరు అడుగలే. ఆడమనిషికి మడెందుకు, రేపు పిల్ల లగ్గమైతే మడి ఎటో పోతది అని మంది అంటే ఇన్న. బాపు పేరు వెట్టి అడిగినంక ఇగ నాతోని కాదు" అన్నాడు. నేను ఆ మాటలను ఒక్కొక్కటిగా ఉర్దూలో చెప్పాను. బాపు అన్నచోట మాత్రం 'ఉన్‌కే' అనలేదు. 'ప్రతివాది తండ్రి' అని నిండుగా చెప్పాను. మున్సిఫ్ సాబు రాసుకున్నాడు.

ఆమె ఏడవలేదు. బిడ్డ చేయి పట్టుకొని, బావ వైపు చూడకుండా, పక్కగా నడిచి బయటికి పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు కోర్టులో ఏడ్చింది, ఆ దావాతో ఏ సంబంధమూ లేని నేనొక్కణ్నే.

పొద్దు వాలుతుండగా నేను వరండాలోకి వచ్చాను. బావ బండి కట్టుకొని సిద్ధంగా ఉన్నాడు. ఆమె బిడ్డను చంకనేసుకొని నడక మొదలుపెట్టింది. వచ్చేటప్పుడు ఎట్లా వచ్చిందో, తాడ్వాయి దాకా అట్లానే పోవాలి. బావ ఆమెను చూడలేదు, పిలవలేదు. పిలవకూడదు. మోకు బిగిస్తూ, ఎటో చూస్తూ, కొడుకుతో అన్నాడు:

"బాపూ, బండ్ల జాగున్నదని చెప్పు."

ఎవరికి చెప్పాలో ఆ పిల్లవాడు అడగలేదు. బండి మీద నుంచి దూకి, రోడ్డు మీద చిన్నమ్మ వెనకాల ఉరికాడు.